తొమ్మిదికి ఘనమూలం చేత్తో కట్టడం: టేలర్ బహుపది, దాని దోషానికి హద్దు

తొమ్మిదికి ఘనమూలం ఎంత? ఎనిమిదికి ఘనమూలం 2 కాబట్టి, రెండు కంటే కాస్త ఎక్కువ అని ఎవరైనా చెప్పేస్తారు. ఆ ‘కాస్త’ ఎంతో తేల్చడమే ఇక్కడి పని. ఒక బిందువు దగ్గర ప్రమేయం విలువ, దాని అవకలజాలు తెలిస్తే చుట్టుపక్కల విలువలను కూడికలు, గుణకారాలతోనే రాబట్టవచ్చు. ఈ పద్ధతిని బ్రూక్ టేలర్ 1715లో ప్రచురించాడు. వచ్చిన జవాబు ఎంత తప్పి ఉండవచ్చో చెప్పే సూత్రం మాత్రం లగ్రాంజ్ పేరు మీద ఉంది. సూత్రంలోకి అంకెలు వేయడం అందరికీ వస్తుంది. దోషం దగ్గరకు వచ్చేసరికే చాలామంది చేయి జారుతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా దోషం గురించే రాశాను.

ఒకే ప్రమేయాన్ని పట్టుకుని చివరి దాకా వెళ్దాం: `f(x) = x^(1/3)`, అంటే x యొక్క ఘనమూలం.

కేంద్రం ఎంచుకోవడం

బహుపదిని ఏ బిందువు చుట్టూ కడతామో ఆ బిందువు కేంద్రం. దాన్ని a అందాం. దానికి రెండు అర్హతలు ఉండాలి. అక్కడ ప్రమేయం, దాని అవకలజాల విలువలు కచ్చితంగా చేతికి అందాలి. మనకు విలువ కావలసిన చోటికి అది దగ్గరగా ఉండాలి. తొమ్మిదికి దగ్గరలో ఘనమూలం తేలికగా వచ్చే సంఖ్య 8. కాబట్టి a = 8. కేంద్రం నుంచి మన దూరం h = 9 − 8 = 1.

అవకలజాలు

ఘాతాన్ని ముందుకు తెచ్చి గుణించి, ఘాతంలోంచి ఒకటి తీసేయడం తప్ప ఇందులో వేరే కిటుకు లేదు. మూడో డిగ్రీ బహుపది కట్టాలంటే మూడు అవకలజాలు చాలు. దోషం కోసం నాలుగోది కూడా కావాలి కాబట్టి ఇప్పుడే రాసి పెట్టుకుందాం.

```
f(x)    = x^(1/3)              f(8)    = 2
f'(x)   = (1/3) x^(-2/3)       f'(8)   = 1/12
f''(x)  = -(2/9) x^(-5/3)      f''(8)  = -1/144
f'''(x) = (10/27) x^(-8/3)     f'''(8) = 5/3456
f''''(x)= -(80/81) x^(-11/3)   f''''(8)= -5/10368
```

కుడివైపు విలువలను భిన్నాలుగానే ఉంచండి. ఈ దశలో దశాంశాలుగా మార్చి అంకెలు కోసేస్తే, ఆ కోత వల్ల వచ్చే తప్పు, పద్ధతిలో ఉన్న దోషం కలిసిపోతాయి. తర్వాత వాటిని విడదీయడం కష్టం.

గుణకాలు, ఫ్యాక్టోరియల్ ఎందుకు వస్తుంది

మనకు కావలసిన బహుపది రూపం ఇది:

```
P(x) = c0 + c1 (x-8) + c2 (x-8)^2 + c3 (x-8)^3
```

షరతు ఒక్కటే. x = 8 దగ్గర P విలువ f విలువతో సరిపోవాలి, P మొదటి అవకలజం f మొదటి అవకలజంతో సరిపోవాలి, అలాగే రెండోది, మూడోది. x = 8 పెట్టగానే మొదటి పదం తప్ప అన్నీ సున్నా అవుతాయి. కాబట్టి c0 = f(8). ఒకసారి అవకలనం చేసి మళ్లీ 8 పెడితే c1 ఒక్కటే మిగులుతుంది. మూడుసార్లు చేస్తే `(x-8)^3` నుంచి ముందు 3, తర్వాత 2, ఆ తర్వాత 1 కిందికి దిగుతాయి. మిగిలేది 6·c3. అది f'''(8)కి సమానం కావాలి కాబట్టి c3 = f'''(8)/6. ఫ్యాక్టోరియల్ వచ్చింది ఇక్కడి నుంచే. సాధారణంగా k-వ గుణకం, k-వ అవకలజాన్ని k! తో భాగించగా వచ్చేది.

```
P3(x) = 2 + (x-8)/12 - (x-8)^2/288 + 5(x-8)^3/20736
```

దీన్ని విస్తరించి x, x², x³ గా రాయాలని చేయి దురద పెడుతుంది. రాయకండి. (x−8) చిన్న సంఖ్య కాబట్టే పదాలు త్వరగా చిన్నవవుతున్నాయి. విస్తరిస్తే పెద్ద సంఖ్యలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చిన్న జవాబు ఇవ్వాల్సి వస్తుంది, మధ్యలో అంకెలు పోతాయి.

x = 9 పెడితే ఒక్కో పదం కలిసే కొద్దీ విలువ ఇలా మారుతుంది:

```
P1(9) = 2.0833333
P2(9) = 2.0798611
P3(9) = 2.0801022
```

మొదటిది స్పర్శరేఖ ఇచ్చే విలువ. ఘనమూలం గ్రాఫ్ కిందికి వంగుతుంది కాబట్టి స్పర్శరేఖ దానికి పైన ఉంటుంది, అందుకే విలువ ఎక్కువ వచ్చింది. రెండో పదం ఆ వంపును సర్దింది, కాస్త ఎక్కువే సర్దింది. మూడోది దాన్ని తిరిగి పైకి లాగింది.

దోషం ఎక్కడి నుంచి పుడుతుంది

అసలు విలువ తెలియకుండానే, 2.0801022 ఎంత నమ్మదగినదో చెప్పగలగాలి. లేకపోతే ఇదంతా ఊహతో సమానం. దోషాన్ని R(x) = f(x) − P3(x) అందాం. R గురించి మనకు తెలిసినవి రెండే. 8 దగ్గర R, దాని మొదటి మూడు అవకలజాలు అన్నీ సున్నా, ఎందుకంటే మనం కట్టిందే అలా. ఇక P3 మూడో డిగ్రీది కాబట్టి దాని నాలుగో అవకలజం సున్నా. అంటే R నాలుగో అవకలజం, f నాలుగో అవకలజం ఒకటే.

ఇప్పుడు పై నుంచి కిందికి దిగుదాం. 8 నుంచి x దాకా ఉన్న అంతరంలో ఎక్కడ చూసినా f'''' పరిమాణం M దాటదనుకోండి. R''' సున్నా నుంచి బయలుదేరింది, దాని మార్పు రేటు M దాటదు. కాబట్టి h దూరం వెళ్లేసరికి అది M·h దాటదు. R'' కూడా సున్నా నుంచే బయలుదేరింది, దాని రేటు M·h దాటదు. సమాకలనం చేస్తే R'' పరిమాణం M·h²/2 దాటదు. అలాగే R' కి M·h³/6, చివరికి R కి M·h⁴/24. దోషానికి హద్దు ఇదే. n-వ డిగ్రీకి రాస్తే:

```
|R| <= M * |h|^(n+1) / (n+1)!
```

ఇందులో M అంటే (n+1)-వ అవకలజం పరమమూల్యానికి ఎగువ హద్దు. ఆ హద్దు కేంద్రం దగ్గర మాత్రమే కాదు, కేంద్రం నుంచి x దాకా అంతరమంతటా చెల్లాలి. ఈ ‘అంతటా’ అన్న మాట దగ్గరే తప్పులు జరుగుతాయి. కాసేపట్లో ఒకటి చూపిస్తాను.

మన లెక్కలో f'''' పరిమాణం `(80/81) x^(-11/3)`. x పెరిగే కొద్దీ ఇది తగ్గుతుంది. కాబట్టి 8 నుంచి 9 దాకా ఉన్న అంతరంలో గరిష్ఠం 8 దగ్గరే: 5/10368. దీన్ని 24 తో భాగిస్తే 0.0000201. అంటే 2.0801022 అన్నది అసలు విలువకు అటో ఇటో 0.0000201 లోపలే ఉంది.

ఇంకాస్త పిండుకోవచ్చు. ఈ అంతరంలో f'''' ఎక్కడా ధనం కాదు కాబట్టి దోషం రుణం, అంటే అసలు విలువ 2.0801022 కంటే తక్కువే. పరిమాణానికి దిగువ హద్దు కూడా దొరుకుతుంది. f'''' పరిమాణం 9 దగ్గర కనిష్ఠం. `9^(11/3)` అంటే 6561ని తొమ్మిది ఘనమూలంతో భాగించినది. ఆ ఘనమూలం 2 కంటే ఎక్కువని తెలుసు కాబట్టి ఇది 3280.5 కంటే తక్కువ. దాంతో దోషం కనీసం 0.0000125 ఉంటుంది. రెండూ కలిపితే అసలు విలువ 2.0800821 కి, 2.0800897 కి మధ్య ఎక్కడో ఉంది. నిజమైన విలువ 2.0800838. 0.0000076 వెడల్పు మాత్రమే ఉన్న ఈ సందును జవాబు ముందే తెలియకుండా పట్టుకున్నాం.

ఎడమవైపు వెళ్తే పప్పులో కాలు

ఇప్పుడు ఏడుకు ఘనమూలం కావాలి. అదే కేంద్రం, అదే బహుపది, h = −1.

```
P3(7) = 2 - 1/12 - 1/288 - 5/20736 = 1.9129533
```

దూరం కూడా అదే 1 కాబట్టి దోషపు హద్దు మళ్లీ 0.0000201 అని రాసేయడానికి ఎవరికైనా మనసు పోతుంది. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. నిజమైన విలువ 1.9129312. తేడా 0.0000221. అంటే దాటకూడదన్న హద్దును దోషం దాటేసింది. సూత్రం తప్పలేదు, నేను M ని తప్పు చోట తీసుకున్నాను.

7 నుంచి 8 దాకా ఉన్న అంతరంలో f'''' పరిమాణం గరిష్ఠమయ్యేది 8 దగ్గర కాదు, 7 దగ్గర. ఎడమకు వెళ్లే కొద్దీ అది పెరుగుతుంది. 7 దగ్గర లెక్కకు ఏడు ఘనమూలం కావాలి, మనం వెతుకుతున్నదీ అదే. కంగారు పడనక్కర్లేదు, హద్దుకు కచ్చితమైన విలువ అవసరం లేదు. ఆ ఘనమూలం 2 కంటే తక్కువ కాబట్టి `7^(11/3)` అన్నది 2401/2, అంటే 1200.5 కంటే ఎక్కువ. దాంతో M విలువ 0.000823 కి మించదు, దోషపు హద్దు 0.0000343. అసలు దోషం 0.0000221 ఇందులో హాయిగా ఇముడుతుంది.

‘దోషం తర్వాతి పదమంత ఉంటుంది’ అన్న వాడుక సూత్రం కూడా ఇక్కడే దెబ్బతింటుంది. 9 దగ్గర అది చెల్లింది. కుడివైపు అవకలజం పరిమాణం తగ్గుతూ పోతోంది కాబట్టి గరిష్ఠం కేంద్రం దగ్గరే వచ్చింది, హద్దు సరిగ్గా తర్వాతి పదమే అయింది. 7 దగ్గర అలా కాదు. ఆ వాడుక సూత్రాన్ని తొలి అంచనాగా వాడుకోండి, హద్దుగా రాయకండి.

దూరాన్ని సగం చేసి పరీక్షించడం

గుణకాల్లో ఎక్కడో లెక్క తప్పితే ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ అందుబాటులో ఉంటే దీనికో మంచి పరీక్ష ఉంది. మూడో డిగ్రీ బహుపది దోషం h⁴ తో పాటు మారుతుంది. కాబట్టి h ని సగం చేస్తే దోషం దాదాపు 16 వంతుకు పడిపోవాలి.

```python
def p3(h):
    return 2 + h/12 - h**2/288 + 5*h**3/20736

for h in (1, 0.5, 0.25):
    print(h, p3(h) - (8 + h)**(1/3))
```

h = 1 దగ్గర దోషం 0.0000184, h = 0.5 దగ్గర 0.0000012. నిష్పత్తి సుమారు 15.3. h ఇంకా తగ్గితే 16కి మరింత చేరువవుతుంది. కాబట్టి గుణకాలు సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు కావాలనే ఒక తప్పు చేద్దాం. చివరి పదంలో 6 తో భాగించడం మరిచి, 5/20736 బదులు 5/3456 వేద్దాం. h = 1 దగ్గర దోషం 0.001224, h = 0.5 దగ్గర 0.000152. నిష్పత్తి 8 చిల్లర. 8 అంటే 2³, అంటే తప్పు మూడో ఘాతపు పదంలో ఉంది. నిష్పత్తి 4 దగ్గరికి వస్తే రెండో ఘాతపు పదాన్ని, 2 దగ్గరికి వస్తే మొదటి ఘాతపు పదాన్ని చూడాలి. తప్పు ఉందని చెప్పడమే కాదు, ఎక్కడుందో కూడా వేలు పెట్టి చూపిస్తుంది కాబట్టి ఈ పరీక్షంటే నాకు ఇష్టం.

ఒక జాగ్రత్త. h ని మరీ చిన్నది చేయకండి. h = 0.001 దగ్గర దోషం దశాంశ బిందువు తర్వాత పదహారు సున్నాలు దాటుతుంది. సాధారణ దశాంశ సంఖ్యలను కంప్యూటర్ అంత సూక్ష్మంగా దాచుకోలేదు. అక్కడ కనిపించే తేడా బహుపదిది కాదు, కంప్యూటర్ చేసిన కోతది. నిష్పత్తి అడ్డదిడ్డంగా వస్తుంది.

దూరం ఎక్కువైతే

ఇదే బహుపదితో ఇరవైకి ఘనమూలం కడదాం. h = 12. నిజమైన విలువ 2.7144.

```
P1 = 3.0000    P2 = 2.5000    P3 = 2.9167
P4 = 2.5000    P5 = 2.9583    P6 = 2.4236
```

పదాలు కలిపే కొద్దీ దగ్గరవ్వాల్సింది పోయి, విలువ అటూ ఇటూ ఊగుతూ దూరం జరుగుతోంది. ఇందులో లెక్క తప్పు ఏమీ లేదు. ఘనమూలం గ్రాఫ్ సున్నా దగ్గర నిట్టనిలువుగా నిలబడుతుంది, అక్కడ అవకలజం అనంతం. 8 నుంచి ఆ చెడ్డ బిందువు దూరం 8. ఎడమవైపు ఎంత దూరంలో అడ్డు తగులుతుందో, కుడివైపు కూడా అంతకు మించి ఈ శ్రేణి పని చేయదు. 16 దాటాక గ్రాఫ్ ఎంత నున్నగా కనిపించినా లాభం లేదు. సున్నా దగ్గరి గొడవకు ఇరవై దగ్గర ఫలితం అనుభవించాల్సి రావడం మొదటిసారి చూసినవారికి అన్యాయంగానే తోస్తుంది.

దోషపు హద్దు మాత్రం ఈ సంగతి దాచలేదు. P3 కి అది 0.417, P5 కి 0.535. డిగ్రీ పెంచుతుంటే హద్దు పెరుగుతోందంటే ఆ కేంద్రంతో ఇక తేలదని అర్థం. కేంద్రాన్ని 27కి మార్చండి. అక్కడి ఘనమూలం 3, h = −7. మూడో డిగ్రీకే 2.7151 వస్తుంది, దోషం 0.0007.

డిగ్రీ పెంచాలా, కేంద్రం జరపాలా

మళ్లీ తొమ్మిదికి వద్దాం. దోషం పది లక్షల్లో ఒక వంతు, అంటే 0.000001 లోపల ఉండాలనుకుందాం. 8 కేంద్రంగా నాలుగో డిగ్రీకి హద్దు 0.0000018, అది చాలదు. ఐదో డిగ్రీకి 0.00000018, అది చాలు. అంటే ఐదు అవకలజాలతో బహుపది కట్టాలి, హద్దు కోసం ఆరోది కూడా తీయాలి.

ఇంకో దారి ఉంది. ఘనమూలం తేలికగా తెలిసిన సంఖ్య పూర్ణాంకమే కానక్కర్లేదు. P1, P2 విలువలను బట్టి జవాబు 2.08 దగ్గర ఉందని ఇప్పటికే తెలుసు. 2.08ని ఘనం చేయడానికి రెండు గుణకారాలు చాలు: 8.998912. ఈ సంఖ్యకు ఘనమూలం కచ్చితంగా 2.08. దీన్నే కేంద్రం చేసుకుంటే h = 0.001088. స్పర్శరేఖ ఒక్కటే వాడదాం. కేంద్రం దగ్గర అవకలజం 1/(3·2.08²), అంటే 1/12.9792.

```
2.08 + 0.001088/12.9792 = 2.0800838264
```

తొమ్మిది ఈ కేంద్రానికి కుడివైపే ఉంది, రెండో అవకలజం పరిమాణం కుడికి తగ్గుతుంది. కాబట్టి M ని కేంద్రం దగ్గర తీసుకోవచ్చు: `(2/9)/2.08^5`. దాన్ని h²/2 తో గుణిస్తే హద్దు 0.0000000034. ఇంతా చేసి వాడింది ఒక్క అవకలజం, హద్దు కోసం రెండోది. ఐదో డిగ్రీ బహుపది హద్దు కంటే ఇది యాభై రెట్లు చిన్నది. నిజమైన విలువ 2.0800838231, కాబట్టి అసలు దోషం కూడా దాదాపు 0.0000000034 ఉంది, హద్దుకు కాస్త ఇవతలే.